జనం మధ్యలో పాట ఎందుకు తెగుతుంది

అందరికీ నమస్కారం. వెనక వరస దాకా వినిపిస్తోందా? సరే. ఇది వైరున్న మైకే లెండి, నేనే అడిగి పెట్టించుకున్నాను. (నవ్వులు)

ఇవాళ్టి విషయం చిన్నదే. ఇంట్లో ఏ ఇబ్బందీ లేకుండా పాడే ఇయర్‌బడ్లు రద్దీగా ఉన్న రైల్వే ప్లాట్‌ఫామ్ మీదకి వెళ్లగానే ఎందుకు తెగుతాయి? ఫోను జేబులోనే ఉంది, బడ్ చెవిలోనే ఉంది. మధ్యలో దూరం మీటరుకి అటూ ఇటూ. డబ్బా మీద చూస్తే పది మీటర్లని రాసుంటుంది. పది మీటర్లు వెళ్లాల్సింది ఒక్క మీటరు దగ్గరే ఎందుకు తడబడుతోంది?

నేను ఇయర్‌బడ్ల రేడియో భాగాన్ని పరీక్షించే పనిలో ఉన్నాను. ‘జనంలోకి వెళ్తే తెగుతోంది’ అని వెనక్కి వచ్చిన సెట్లను పరీక్ష గదిలో పెడితే చాలావరకు చక్కగా పాడతాయి. ఆ గది గోడలు బయటి రేడియో తరంగాల్ని లోపలికి రానివ్వవు. అక్కడ మనుషులూ ఉండరు. అంటే, ఏ రెండిటివల్ల పాట తెగుతోందో ఆ రెండూ లేనిచోట పెట్టి మేం ‘బాగానే ఉందే’ అంటున్నామన్నమాట. కొన్నవాళ్లకి కోపం రావడంలో తప్పు లేదు.

అసలు కారణాల్లోకి వెళ్లేముందు ఒకటి తేల్చుకోవాలి. తెగుతున్నది నిజంగా బ్లూటూతేనా? జనం ఎక్కువున్న చోట మొబైల్ నెట్‌వర్క్ కూడా ఇరుకైపోతుంది. పాట నెట్‌లోంచి వస్తుంటే, అసలు ఫోన్‌కే అందకపోయి ఉండొచ్చు. దీన్ని కనిపెట్టడం తేలిక. పాట ఆగినప్పుడు స్క్రీన్ చూడండి. పాట ఎంత అయిందో చూపించే గీత కదులుతూనే ఉండి, చెవిలో మాత్రం ఏమీ వినిపించకపోతే లోపం బ్లూటూత్ దారిలో ఉంది. ఆ గీత కూడా ఆగిపోయి, గుండ్రంగా తిరిగే గుర్తు వస్తే అది నెట్‌వర్క్ గొడవ. స్క్రీన్ చూడకుండా కూడా చెప్పొచ్చు. నెట్‌వర్క్ వల్ల ఆగిన పాట ఎక్కడ ఆగిందో అక్కడినుంచే మొదలవుతుంది. బ్లూటూత్ వల్ల తెగితే సాధారణంగా రెండు మూడు మాటలు ఎగిరిపోయి, పాట ముందుకి వెళ్లిపోయి ఉంటుంది. ఇంకా అనుమానముంటే ఫోన్‌లో దాచుకున్న పాట పెట్టి చూడండి. అదీ తెగితే మనం ఇప్పుడు మాట్లాడుకోబోయేది మీకోసమే.

బ్లూటూత్ వాడేది 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతం. దీనికి లైసెన్స్ అక్కర్లేదు. అందుకే వైఫై, కార్డ్‌లెస్ మౌసులు, కొన్ని కెమెరాలు, బొమ్మ కార్ల రిమోట్లు అన్నీ అక్కడే ఉంటాయి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే పనిచేస్తుంది, అది కాస్త బయటికి లీకవుతుంది కూడా. మనం పాటలు వినే మామూలు బ్లూటూత్ ఈ ప్రాంతంలో 2402 నుంచి 2480 మెగాహెర్ట్జ్ దాకా ఒక్కో మెగాహెర్ట్జ్ వెడల్పుతో 79 చానెళ్లు చేసుకుని, వాటి మధ్య గెంతుతూ ఉంటుంది. కాలాన్ని సెకనుకి 1600 ముక్కలుగా కోసుకుని, ఒక్కో ప్యాకెట్‌కి, అంటే పంపే ఒక్కో చిన్న పాట ముక్కకి, చానెల్ మారుస్తుంది. ఏ క్రమంలో గెంతాలో ఫోన్‌కీ బడ్‌కీ మాత్రమే తెలుసు. ఒక చానెల్‌లో దెబ్బతిన్న ప్యాకెట్‌ని ఇంకో చానెల్‌లో మళ్లీ పంపుతుంది.

ఇక్కడ వైఫైకీ దీనికీ ఒక తేడా ఉంది. వైఫై మాట్లాడేముందు చెవి పెట్టి వింటుంది, ఎవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది. మామూలు బ్లూటూత్ అలా వినదు. తన వంతు రాగానే ఆ చానెల్‌లో ఎవరున్నారో చూడకుండా పంపేస్తుంది. ఇద్దరూ ఒకేసారి పంపితే ఢీ.

2003లో వచ్చిన 1.2 వెర్షన్‌తో దీనికి కాస్త తెలివి వచ్చింది. ఏ చానెళ్లలో ప్యాకెట్లు ఎక్కువగా పోతున్నాయో గమనించి, వాటిని పక్కనపెట్టి మిగతావాటిలోనే గెంతుతుంది. ఇంట్లో ఒక వైఫై రౌటర్ ఉందనుకోండి. అది 20 మెగాహెర్ట్జ్ ఆక్రమిస్తుంది. బ్లూటూత్ ఆ ఇరవైని వదిలేసి మిగిలిన అరవైలో హాయిగా తిరుగుతుంది. మీ ఇంట్లో పాట తెగకపోవడానికి సగం కారణం ఇదే.

ఇప్పుడు ప్లాట్‌ఫామ్‌కి రండి. వైఫైని సాధారణంగా 1, 6, 11 అనే మూడు చానెళ్లలో పెడతారు, ఒకదాని మీద ఒకటి పడవు కాబట్టి. స్టేషన్ వైఫై, చుట్టుపక్కల ఆఫీసులవి, జనం చేతుల్లోని హాట్‌స్పాట్‌లు కలిస్తే మూడూ నిండిపోతాయి. మూడు ఇరవైలు అరవై. బ్లూటూత్‌కి మిగిలేవి 1కీ 6కీ మధ్య నాలుగు, 6కీ 11కీ మధ్య నాలుగు, చివర్లో ఒక ఎనిమిది. మొత్తం సుమారు పదహారు. కానీ బ్లూటూత్ నిబంధన ప్రకారం కనీసం 20 చానెళ్లలోనైనా గెంతాలి. అంటే వైఫై ఉందని తెలిసి కూడా ఒక నాలుగు చానెళ్లలో తలదూర్చక తప్పదు.

దీనికన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. మీ ఇయర్‌బడ్ ఒక్కటే ఇంత తెలివైనది కాదు. పక్కవాళ్లదీ, వాళ్ల పక్కవాళ్లదీ అంతే తెలివైనవి. అందరూ వైఫైని తప్పించుకుని అవే పదహారు చానెళ్లలోకి వచ్చి పడతారు. వైఫై నుంచి పారిపోయి, ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటారు.

ఎంత తేడా వస్తుందో లెక్కేద్దాం. మీ దగ్గర్లో ఇంకో పదిమంది పాటలు వింటున్నారు, ఒక్కొక్కరి బ్లూటూత్ సగం సమయం గాలిలో ఉంటుంది అనుకుందాం. 79 చానెళ్లూ ఖాళీగా ఉంటే మీ ప్యాకెట్ వీళ్లలో ఎవరో ఒకరితో ఢీకొనే అవకాశం నూటికి ఆరు. అది పెద్ద లెక్కలోది కాదు. అదే పదిమందీ ఇరవై చానెళ్లలో ఇరుక్కుంటే నూటికి ఇరవై రెండు అవుతుంది. దీనికి వైఫైలో తలదూర్చిన ఆ నాలుగు చానెళ్లను కలపండి. ఇరవైలో నాలుగంటే ఐదో వంతు. ఆ వైఫై సగం సమయం బిజీగా ఉంటే అక్కడ నూటికి పది. రెండూ కలిపి నూటికి ముప్పై ప్యాకెట్లు ఢీ. పెద్ద ప్యాకెట్ పంపుతున్నంతసేపూ చానెల్ మారదు కాబట్టి అసలు లెక్క ఇంకాస్త ఎక్కువే ఉంటుంది, కానీ మనకి ఈ ముప్పై చాలు. దీన్ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ పనికొస్తుంది.

ఏ చానెల్ మంచిది, ఏది కాదు అనే జాబితా తయారు కావడానికి కొంత సమయం పడుతుంది. ఒకచోట కూర్చుంటే ఆ జాబితా నమ్మదగ్గదే. నడుస్తుంటే, రైలు వచ్చి ఐదొందలమంది దిగితే, అది తయారయ్యేలోపే పాతబడిపోతుంది. గుంపులోంచి దాటి వెళ్లేటప్పుడు ఎక్కువగా తెగి, ఒక మూల నిలబడ్డాక కుదుటపడటం మీరు చూసే ఉంటారు.

అయితే ఢీకొన్న ప్రతి ప్యాకెట్టూ పోదు. అసలు విషయం ఇక్కడే ఉంది, దూరం సంగతి కూడా ఇక్కడే వస్తుంది.

రెండు సిగ్నళ్లు ఒకే చానెల్‌లో ఒకేసారి బడ్‌కి చేరాయనుకోండి. మనది అవతలివాడిదానికన్నా తగినంత బలంగా ఉంటే బడ్ మనదాన్ని సరిగ్గానే చదువుకుంటుంది. తగినంత అంటే ఎంత? పాటలకి బాగా వాడే రెండు మెగాబిట్ల వేగంలో మన సిగ్నల్ అవతలిదానికన్నా సుమారు ఇరవై రెట్లు ఎక్కువ ఉండాలి. మూడు మెగాబిట్ల వేగంలో అయితే వందకి పైనే. అన్నిటికన్నా నెమ్మదైన ఒక మెగాబిట్‌కి పన్నెండు రెట్లు చాలు. అంటే రద్దీలో లెక్కకొచ్చేది మీ సిగ్నల్ ఎంత ఉంది అని మాత్రమే కాదు. పక్కవాడిదానికన్నా ఎన్ని రెట్లుంది అనేది. డబ్బా మీది పది మీటర్లు పక్కన ఎవరూ లేనప్పటి మాట.

ఒక మనిషిని తీసుకుందాం. ఫోను కుడివైపు ప్యాంటు వెనక జేబులో ఉంది. ఎడమ చెవిలో పాట తెగుతోంది. ఫోను రెండున్నర మిల్లీవాట్లతో పంపుతోంది, మామూలుగా ఉండే స్థాయే. అడ్డేమీ లేకపోతే మీటరు దూరంలో అందులో పదివేలో వంతు అందుతుంది. కానీ ఇక్కడ అడ్డముంది. నడుము, వీపు, భుజం, తల. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని నీరు బాగా పీల్చుకుంటుంది. ఒళ్లు అడ్డొస్తే సిగ్నల్ ఇంకో వందో వంతుకి పడిపోవడం మామూలే. ఒక్కోసారి వెయ్యో వంతుకి కూడా. మనం వందతోనే సరిపెడదాం. అంటే రెండున్నర మిల్లీవాట్లలో పదిలక్షల్లో ఒక వంతు చెవికి చేరింది.

ఇప్పుడు ఎడమపక్కన మూడు మీటర్ల దూరంలో ఒకతను హాట్‌స్పాట్ పెట్టుకుని నిలబడ్డాడు. అతని ఫోన్ వైఫై ముప్పై మిల్లీవాట్లతో పంపుతోంది. అది ఇరవై మెగాహెర్ట్జ్‌లలో పరచుకుని ఉంటుంది కాబట్టి మన ఒక్క మెగాహెర్ట్జ్ చానెల్‌లో పడేది ఒకటిన్నర మిల్లీవాటే. మూడు మీటర్ల దూరమంటే మీటరు దగ్గర ఉండేదానిలో తొమ్మిదో వంతు, అంటే తొంభైవేలో వంతు అందుతుంది. కానీ అతనికీ మీ ఎడమ చెవికీ మధ్య అడ్డేమీ లేదు. లెక్కేస్తే మీ సొంత ఫోన్ సిగ్నల్‌కన్నా అతనిది ఆరేడు రెట్లు బలంగా చెవిలోకి వస్తోంది. మనది ఇరవై రెట్లు ఎక్కువుండాల్సిన చోట, అతనిదే ఎక్కువగా ఉంది. ఇలాంటప్పుడు ఢీకొన్న ప్రతిసారీ మన ప్యాకెట్ పోతుంది.

అతను అక్కడే ఉండనివ్వండి. ఫోన్‌ని వెనక జేబులోంచి తీసి ఛాతీ ముందు చేత్తో పట్టుకోండి, లేదా చొక్కా జేబులో పెట్టండి. ఇప్పుడు దూరం నలభై సెంటీమీటర్లు, ఒంటి అడ్డు పోయింది. దూరం తగ్గినందుకు ఆరు రెట్లు, అడ్డు పోయినందుకు వంద రెట్లు. మొత్తం ఆరువందల రెట్లకు పైగా సిగ్నల్ పెరిగింది. ఇందాక మనకన్నా ఆరేడు రెట్లు బలమైన హాట్‌స్పాట్ మీద ఇప్పుడు మనది తొంభై రెట్లు ఎక్కువ. కావలసింది ఇరవై. అదే గుంపు, అవే హాట్‌స్పాట్‌లు, అదే ఇయర్‌బడ్. ఢీలు అలాగే జరుగుతున్నాయి గానీ ప్యాకెట్లు బతుకుతున్నాయి.

ఈ లెక్కలో బడ్‌లోని యాంటెన్నా ఊసెత్తలేదని గమనించారా? కావాలనే వదిలేశాను. ఆ యాంటెన్నా మంచిదైనా నాసిరకమైనా మన సిగ్నల్‌నీ పక్కవాడి సిగ్నల్‌నీ దాదాపు ఒకేలా అందుకుంటుంది. ఖాళీ మైదానంలో ఎంత దూరం పనిచేస్తుందో యాంటెన్నా చెబుతుంది. గుంపులో దాని పాత్ర తక్కువ. ఖరీదైన సెట్ కొన్నా ప్లాట్‌ఫామ్ మీద తెగుతోందని బాధపడేవాళ్లకి ఇదే నా జవాబు.

ఆరువందల రెట్లలో దూరం వాటా ఆరు, ఒంటి వాటా వంద అని కూడా చూడండి. ‘దూరం వల్ల తెగుతోంది’ అనుకుంటాం. జేబుకీ చెవికీ మధ్య నిజంగా దెబ్బకొట్టేది దూరం కన్నా ఒళ్లే.

ఇక్కడ వింతైన సంగతి ఒకటి. ఫోను వెనక జేబులో ఉన్నా గదిలో పాట తెగదు, కానీ ఖాళీ మైదానంలో నడుస్తుంటే ఒక చెవిలో తెగుతుంది. అక్కడ వైఫై లేదు, జనం లేరు, అయినా తెగుతుంది. ఎందుకంటే గదిలో సిగ్నల్ ఒంట్లోంచి దూరి రావట్లేదు. గోడకో, పైకప్పుకో తగిలి తిరిగి చెవికి చేరుతోంది. మైదానంలో తగలడానికి గోడ లేదు. గుంపులో ఏమవుతుందంటే, గోడలున్నా వాటికీ మీకూ మధ్య మనుషులుంటారు. గోడకి తగిలి రావాల్సిన సిగ్నల్‌ని కూడా వాళ్ల ఒళ్లే పీల్చేసుకుంటాయి. మైదానంలోని లోటూ, ఊళ్లోని రద్దీ రెండూ కలిసి ఒకేచోట దొరుకుతాయన్నమాట.

ఇక పాట తెగే తీరు సంగతి. పాత రేడియోలో సిగ్నల్ తగ్గుతుంటే బరబరమని చప్పుడు పెరుగుతూ వచ్చేది. బ్లూటూత్‌లో అలా ఉండదు. పాట అద్దంలా ఉంటుంది, ఉన్నట్టుండి మాయమవుతుంది. దీనికి కారణం బఫర్. ఇంటి మీది నీళ్ల ట్యాంకు అనుకోండి. ఫోను పంపే పాట ముక్కలు పైనుంచి ట్యాంకులో పడుతుంటాయి, చెవికి కింది కుళాయిలోంచి ఒకే ధారగా వస్తుంటాయి. పైనుంచి వచ్చేది ఆగి ఆగి వచ్చినా కుళాయి దగ్గర తేడా తెలియదు. ట్యాంకు ఖాళీ అయిన క్షణంలోనే తెలుస్తుంది. బడ్‌లో ఈ బఫర్ సెకనులో ఐదో వంతు, అంటే రెండొందల మిల్లీసెకన్ల పాట దాచుకుంటుందనుకుందాం.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న ముప్పై ఇప్పుడు కావాలి. రెండు మెగాబిట్ల వేగమంటారు గానీ, జవాబు ప్యాకెట్లూ అవీ పోగా పాటకి దక్కేది సెకనుకి సుమారు 1448 కిలోబిట్లు. పాటని కుదించి పంపే పద్ధతిని కోడెక్ అంటారు. ఎస్‌బీసీ అనే మామూలు కోడెక్ మంచి నాణ్యతలో వాడేది 328 కిలోబిట్లు. అంటే నాలుగో వంతు కన్నా తక్కువ. మిగతా సమయమంతా పోయిన ప్యాకెట్లని మళ్లీ పంపడానికి దొరుకుతుంది. నూటికి ముప్పై పోయినా సరే, యాభై పోయినా సరే, అది తట్టుకుంటుంది. డెబ్బై అయిదు దాటితేనే చిక్కుల్లో పడుతుంది.

ఎల్‌డాక్ కోడెక్‌ని దాని అత్యధిక నాణ్యతలో పెడితే 990 కిలోబిట్లు కావాలి. 1448లో ఇది మూడింట రెండొంతులు. మళ్లీ పంపడానికి మిగిలింది మూడో వంతే. నూటికి ముప్పై ప్యాకెట్లు పోతే అంచు మీద ఉన్నట్టే. ఒళ్లు అడ్డొచ్చి, జనం ఇంకా పెరిగి, అది నలభై ఐదు అయిందనుకోండి. అప్పుడు నిజంగా చేరేది సెకనుకి దాదాపు 796 కిలోబిట్లు. అవసరంలో నూటికి ఎనభై. ప్రతి సెకనులోనూ ఐదో వంతు లోటు. ట్యాంకులో ఉన్నది కూడా ఐదో వంతు సెకను పాటే. కాబట్టి సరిగ్గా ఒక సెకనులో ఖాళీ. ఆ తర్వాత నిశ్శబ్దం, మళ్లీ కొంత నిండేదాకా. మళ్లీ కాసేపు పాట, మళ్లీ నిశ్శబ్దం. అదే ప్లాట్‌ఫామ్ మీద, అదే నలభై ఐదు నష్టంతో, ఎస్‌బీసీలో వింటున్నవాడికి తేడా ఏమీ తెలియదు. 796 వస్తున్నాయి, అతనికి 328 చాలు.

అందుకే నేను సూటిగా చెబుతాను. రైలు చప్పుడు మధ్యలో 990 వినడం దండగ. ఆ చప్పుడులో తేడా వినిపించదు, పాట మాత్రం తెగుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో `Build number` మీద ఏడుసార్లు నొక్కితే `Developer options` తెరుచుకుంటుంది. బడ్లు కనెక్ట్ అయి ఉన్నప్పుడు అందులో `Bluetooth Audio Codec` దగ్గర `SBC` గానీ `AAC` గానీ ఎంచుకోవచ్చు. ఎల్‌డాకే కావాలంటే దాని నాణ్యత దగ్గర `Optimized for Connection Quality` అన్నదాన్ని ఎంచుకోండి, 330 కిలోబిట్లకి దిగుతుంది. కొన్ని ఫోన్లలో తీసేసి మళ్లీ కనెక్ట్ చేయగానే ఈ సెట్టింగ్ పాతదానికి పోతుంది, చూసుకోవాలి. ఐఫోన్లలో ఎంచుకునే వీలు లేదు, అవసరమూ లేదు. అవి ఎల్‌డాక్ వాడవు.

బఫర్ విషయంలోనే ఇంకోటి. చాలా బడ్లలో గేమ్ మోడ్ అని ఉంటుంది. ఆటలో తుపాకీ పేలినప్పుడే చప్పుడు వినిపించాలి కాబట్టి అది బఫర్‌ని బాగా చిన్నది చేస్తుంది. ఇంట్లో ఆడుకోవడానికి మంచిదే. దాన్ని ఆన్ చేసి మర్చిపోయి రద్దీలోకి వెళ్తే చిన్న గండానికి కూడా పాట తెగుతుంది. ‘నిన్నటిదాకా బాగుంది, ఇవాళ పాడైంది’ అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది గేమ్ మోడ్ సంగతే.

ఫోన్‌లోని సొంత వైఫైని కూడా మర్చిపోవద్దు. చాలా ఫోన్లలో 2.4లో వైఫైకీ బ్లూటూత్‌కీ యాంటెన్నా ఒకటే. ఒకటి మాట్లాడుతుంటే ఇంకోటి ఆగాలి. స్టేషన్‌లో ఫోన్ కొత్త వైఫైల కోసం వెతుకుతూ, ఏదో ఒకదానికి తగులుకుని మెయిల్స్ లాగుతూ ఉంటే బ్లూటూత్‌కి సమయం తగ్గుతుంది. బయటికి వెళ్లేటప్పుడు వైఫై ఆపేస్తే ఈ ఒక్క పోటీ తగ్గుతుంది. పక్కవాడి హాట్‌స్పాట్ మన చేతిలో లేదు, ఇది మాత్రం మన చేతిలోనే ఉంది.

సరే, ప్రశ్నలు అడగండి. ఇటు పక్కన, అమ్మా మీరు.

ప్రశ్న: సార్, నాకు ఎప్పుడూ ఎడమ చెవిలోనే పోతుంది. కుడి బాగానే ఉంటుంది. అది బడ్ లోపం కాదా?

కావచ్చు, కాకపోవచ్చు. తేల్చుకోవడానికి ఒక పని చేయండి. ఫోన్‌ని కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మార్చండి. అప్పుడు కుడి చెవిలో తెగడం మొదలైతే అది ఒంటి నీడే, బడ్ బాగానే ఉంది. ఫోను ఎటున్నా ఎడమదే తెగుతుంటే ఇంకో అవకాశం ఉంది. కొన్ని సెట్లలో ఫోను ఒక బడ్‌తోనే మాట్లాడుతుంది, ఆ బడ్ రెండోదానికి పాట అందిస్తుంది. ఆ రెండోదానికి సిగ్నల్ తల చుట్టూ తిరిగి వెళ్లాలి. ముందు రెండు బడ్లనీ కేసులో పెట్టి మూసేయండి. తర్వాత ఎడమదాన్ని మొదట తీయండి. చాలా సెట్లలో మొదట తీసిందే ఫోన్‌తో మాట్లాడే బడ్ అవుతుంది. అలా చేసినా, ఫోను ఛాతీ ముందు పట్టుకున్నా, జనం లేని గదిలో కూడా ఎడమదే తెగితే అప్పుడు సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. ఈ పరీక్షలన్నీ చేశానని వాళ్లకి చెప్పండి, పని త్వరగా అవుతుంది.

ప్రశ్న: మెడలో వేసుకునే నెక్‌బ్యాండ్‌లు ఇంత తెగవంటారు. నిజమేనా?

సాధారణంగా నిజమే. రెండు చెవులకీ వైరే వెళ్తుంది కాబట్టి తల అడ్డొచ్చే సమస్య లేదు. యాంటెన్నాకి చోటు ఎక్కువ. పైగా అది మెడ దగ్గరుంటుంది, చొక్కా జేబుకి జానెడు దూరం. కానీ ఫోను ప్యాంటు వెనక జేబులో పెడితే ఒళ్లు దానికీ అడ్డే.

ప్రశ్న: పాట ఆగుతోంది, కానీ కాల్‌లో అయితే ఆగడం లేదు. గొంతు మాత్రం రోబోలా అయిపోతోంది. ఎందుకు?

మంచి ప్రశ్న. కాల్‌లో ట్యాంకు దాదాపు లేనట్టే. రెండొందల మిల్లీసెకన్లు దాచుకుంటే ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడిపోతారు. కాబట్టి కాల్‌కి వేరే పద్ధతి ఉంటుంది. చిన్న ప్యాకెట్లు, నిర్ణీత సమయంలో పంపాలి, పోతే మళ్లీ పంపడానికి చాలా కొద్ది సమయమే. అది దాటితే ఆ ముక్క వదిలేయడమే. వదిలేసిన చోట బడ్ తనకి తోచిన ధ్వనితో పూడుస్తుంది. అలా పూడ్చిన ముక్కలు ఎక్కువైతే మీకు వినిపించేది ఆ రోబో గొంతు. పాటలో లోపం ఒక్కసారిగా పెద్దగా బయటపడుతుంది, కాల్‌లో చిన్న చిన్నగా వెంటవెంటనే పడుతుంది. వెనకున్న గొడవ మాత్రం ఒకటే.

ప్రశ్న: మరి బ్లూటూత్ 5.3, 5.4 అని రాసున్న సెట్ కొంటే ఈ సమస్య పోతుందా?

ఆ అంకె చూసి కొనకండి. 5 వెర్షన్‌తో ఎక్కువ దూరం వెళ్తుందని ప్రచారం జరిగింది. ఆ ఎక్కువ దూరపు పద్ధతి తక్కువ డేటా పంపే సెన్సార్ల లాంటివాటికి పనికొచ్చేది. మన పాటలు చాలావరకు ఇప్పటికీ పాత పద్ధతిలోనే వస్తున్నాయి, ఆ 79 చానెళ్లలోనే. చూడాల్సింది ‘ఎల్‌ఈ ఆడియో’ అనే కొత్త పద్ధతి ఉందా లేదా అని. ఫోన్‌లోనూ ఉండాలి, బడ్‌లోనూ ఉండాలి. ఒకదాంట్లోనే ఉంటే లాభం లేదు. అందులో ఎల్‌సీ3 అనే కోడెక్ తక్కువ కిలోబిట్లతోనే మంచి ధ్వని ఇస్తుంది, అంటే మళ్లీ పంపడానికి సమయం ఎక్కువ మిగులుతుంది. రెండు చెవులకీ ఫోనే నేరుగా విడివిడిగా పంపుతుంది, ఒక బడ్ ఇంకోదానికి అందించే పని ఉండదు. ఈ రెండూ నిజమైన లాభాలే. కానీ అదీ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే ఉంటుంది. చుట్టూ అదే వైఫై, మధ్యలో అదే ఒళ్లు. వెనక జేబులో ఫోను పెట్టుకుంటే దానికీ ఆ వందో వంతు దెబ్బ తప్పదు.

ఇంకెవరైనా? లేకపోతే ఇక్కడితో ఆపుతాను. కోడెక్ సెట్టింగ్ దొరకనివాళ్లు ఫోన్ పట్టుకుని ఇటు రండి, ఒక్కొక్కరిదీ చూసి పెడతాను.